గీత కిందికి ఎందుకు దిగుతుంది?

నిడదవోలులో డిగ్రీ జంతుశాస్త్రం పాఠంలో నాడీకణం దగ్గరికి వచ్చేసరికి తెరమీద పడే స్లైడు ఎప్పుడూ ఒకటే. నిలువు అక్షం మీద మిల్లీవోల్టులు, అడ్డంగా మిల్లీసెకన్లు. గీత మైనస్ 70 దగ్గర తిన్నగా నడిచి, మైనస్ 55 దాటగానే ఒక్కసారిగా ప్లస్ 30 దాకా లేచి, అంతే వేగంగా దిగిపోతుంది. దిగేటప్పుడు మొదటి గీత కంటే కాస్త కిందికి జారి మళ్లీ సర్దుకుంటుంది. ఇదే యాక్షన్ పొటెన్షియల్. సోడియం లోపలికి రావడం వల్ల గీత లేస్తుందని అందరూ చెబుతారు. తరువాతి ప్రశ్న మాత్రం తప్పకుండా వస్తుంది: "దిగేది సోడియం పంపు తోడెయ్యడం వల్లేనాండి?"

కాదు. అయితే ఆ జవాబు తేలడానికి యాభై ఏళ్లకు పైగా పట్టింది.

1902లో జర్మన్ శాస్త్రజ్ఞుడు బెర్న్‌స్టీన్ ఒక సిద్ధాంతం చెప్పారు. విశ్రాంతిలో కణం పొర పొటాషియాన్ని మాత్రమే పోనిస్తుందనీ, ప్రేరణ తగిలినప్పుడు అన్ని అయాన్లకూ దారి వదిలేస్తుందనీ ఆయన ఊహ. అదే నిజమైతే గీత సున్నా దగ్గర ఆగాలి. 1939లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్రజీవి నాడీతంతువును తీసుకున్నారు. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. అందుకే సన్నటి గాజుగొట్టాన్ని దాని లోపలికే దూర్చి వోల్టేజిని కొలవగలిగారు. గీత సున్నా దగ్గర ఆగలేదు, దాన్ని దాటి సుమారు 40 మిల్లీవోల్టుల దాకా పోయింది. ఆ ఏడే యుద్ధం మొదలై పని ఆగిపోయింది. 1949లో హాడ్జ్‌కిన్, కాట్జ్ చుట్టూ ఉన్న ఉప్పునీటిలో సోడియం తగ్గించి చూస్తే శిఖరం ఎత్తు తగ్గింది, విశ్రాంతి గీత మాత్రం పెద్దగా కదల్లేదు. శిఖరం సోడియం పనేనని అలా తేలింది.

దిగే భాగం సంగతి 1952లో తేలింది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ వోల్టేజిని ఒక విలువ దగ్గర కదలకుండా పట్టి ఉంచి, పొర గుండా పారే కరెంటును కొలిచారు. మొదట లోపలికి ఒక ప్రవాహం, కాస్త ఆలస్యంగా బయటికి మరొకటి కనిపించాయి. బయటి సోడియం తీసేస్తే మొదటిది పోయింది, రెండోది మిగిలింది. ఆ రెండోది పొటాషియం. అంటే సోడియం దారులు వాటంతటవే మూసుకుంటాయి, పొటాషియం దారులు నిదానంగా తెరుచుకుంటాయి, గీత దిగుతుంది. పొటాషియం దారులు మూసుకోవడంలోనూ ఆలస్యమే కాబట్టి చివర్లో ఆ కిందికి జారుడు. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ అప్పటికి అందుబాటులో లేకపోవడంతో, చేత్తో తిప్పే లెక్కల యంత్రం మీద హక్స్‌లీ ఈ సమీకరణాలు సాధించారు. లెక్కలో వచ్చిన గీత, కొలతలో వచ్చిన గీత దాదాపు ఒకేలా ఉన్నాయి.

మరి పంపు? దాన్ని నడిపేది ఏటీపీ. ఇక్కడ నిడదవోలు నుంచి నరసాపురం వైపు రైలెక్కితే తగిలే భీమవరాన్ని తలచుకోకుండా ఉండలేను. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టారు. 1929లో కండరంలో ఏటీపీని కూడా ఆ ఇద్దరూ గుర్తించారు. అదే ఏడు జర్మనీలో లోమన్ విడిగా అదే కనుగొన్నారు. సుబ్బారావు 1948లో పోయారు. ఏటీపీకీ పంపుకూ ఉన్న సంబంధం ఆ తరువాతే బయటపడింది.

1955లో హాడ్జ్‌కిన్, కీన్స్ నాడీతంతువుకు కణశక్తిని ఆపే విషాలు పెట్టారు. సోడియాన్ని బయటికి తోడడం బాగా పడిపోయింది. అయినా తంతువు ప్రేరణలు పంపుతూనే ఉంది! గీతను దించేది పంపే అయితే మొదటి ప్రేరణలోనే అది పైన ఆగిపోవాలి. 1960లో వారే మరో ఇద్దరితో కలిసి, సయనైడు పెట్టిన తంతువులోకి ఏటీపీనీ, ఆర్జినైన్ ఫాస్ఫేట్‌నూ ఎక్కించారు. రెండోది స్క్విడ్ కండరాల్లో మన ఫాస్ఫోక్రియాటిన్ చేసే పనే చేస్తుంది. తోడే పని మళ్లీ మొదలైంది. ఈలోగా 1957లో డెన్మార్క్‌లో స్కౌ పీత నాడుల్లో, ఏటీపీని విడగొడుతూ ఈ పంపుగా పనిచేసే ఎంజైమును పట్టుకున్నారు.

గీతను దించేది పంపు కాకపోవడానికి కారణం వేగాల్లో ఉంది. పంపు ఒక్కో తిరుగుడుకు మూడు సోడియాలను బయటికి నెట్టి రెండు పొటాషియాలను లోపలికి తెస్తుంది, అందుకు కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. అంతలో మన గీత లేచి దిగిపోయింది. తెరిచిన ఛానెల్ గుండా సెకనుకు లక్షల అయాన్లు పోగలవు. అయినా ఒక్క ప్రేరణకు కదిలేది చాలా తక్కువ. స్క్విడ్ తంతువు లోపలున్న పొటాషియంలో దాదాపు పది లక్షల్లో ఒక వంతు మాత్రమే. "శిఖరం దగ్గర లోపల సోడియం నిండిపోయింది" అని రాయడం తప్పయ్యేది ఇందుకే. మన శరీరంలోని సన్నటి తంతువుల్లో నిల్వ తక్కువ కాబట్టి, వాటిలో పంపు ఆగితే దెబ్బ త్వరగా తగులుతుంది.

అందువల్ల పంపును ఈ స్లైడు మీద చూపాలంటే అడ్డ అక్షాన్ని మిల్లీసెకన్ల నుంచి గంటలకు సాగదీయాలి. విషం పెట్టిన తంతువును పదేపదే ప్రేరేపిస్తే లోపల సోడియం పేరుకుంటుంది, పొటాషియం తరుగుతుంది, మైనస్ 70 గీత మెల్లగా సున్నా వైపు లేస్తుంది. శిఖరాలు కురచబడి, చివరికి ప్రేరణ తగిలినా గీత కదలదు.