ఏడు రూపాయల తొమ్మిదిన్నర అణాలు

కామారెడ్డి బెల్లం అంగడిలోనో, ఎల్లారెడ్డి కిరాణా కొట్టులోనో 1950 నాటి చిట్టా పుస్తకం దొరికిందనుకుందాం. అట్ట మీద 1359 ఫసలీ అని ఉంటుంది. లోపల పుట నెత్తిన వికృతి చైత్ర శుద్ధ తదియ, మంగళవారం. దాని కింద పద్దు: బెల్లం పదమూడున్నర సేర్లు, దర తొమ్మిది అణాలు, మొత్తం రు. 7-9-6. ఇది నేను నమూనాగా కూర్చిన పద్దు. అయితే ఇందులోని లెక్క పద్ధతి మాత్రం అచ్చంగా ఆ కాలానిదే. ఫోన్‌తో ఫొటో తీసిన ఇలాంటి పుటను తేదీ, సరుకు, సొమ్ము వేర్వేరు గడుల్లో ఉండే పట్టికగా మార్చాలంటే టైపింగ్ ఒక్కటే వస్తే చాలదు.

ముందు తేదీ సంగతి. నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. జనవరి దాటాక 591 కలపాలి. 1359కి 591 కలిపితే 1950. వికృతి ఉగాది 1950 మార్చి 19, ఆదివారం నాడు వచ్చింది. కాబట్టి శుద్ధ తదియ మార్చి 21 అవుతుంది. తేలిన తేదీని 1950-03-21 అని B2 గడిలో వేసి, పక్క గడిలో వారం అడగండి.

```
=TEXT(B2,"dddd")
```

Tuesday, అంటే మంగళవారం, అని వస్తే పుస్తకంలోని వారంతో కలిసినట్టే. కలవకపోతే తిథి తప్పు చదివి ఉంటాం, లేదా సంవత్సరం ఒకటి అటో ఇటో పోయి ఉంటుంది. పాత లెక్కగాళ్లు వారం కూడా రాసిపెట్టడం మన అదృష్టం.

అసలు చిక్కు సొమ్ము దగ్గర. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. 7-9-6 అని మామూలు గడిలో కొట్టగానే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని 2006లో ఏదో ఒక రోజుగా మార్చేస్తుంది. ఆ తర్వాత గడిని అంకెగా మార్చినా రాసిన సొమ్ము తిరిగి రాదు. అందుకే ‘ఉన్నది ఉన్నట్టు’ అనే గడిని మొదటే టెక్స్ట్‌గా పెట్టుకుని, పుటలో కనిపించింది కనిపించినట్టే అందులో ఎక్కించాలి. రూపాయలు, అణాలు, పైలు మూడింటికీ వేరే గడులు ఉండాలి. అవి F, G, H అయితే మొత్తం ఇలా వస్తుంది.

```
=F2+G2/16+H2/192
```

జవాబు 7.59375. ఇప్పుడు సరుకు వైపు నుంచి సరిచూడండి. పదమూడున్నర సేర్లను తొమ్మిది అణాలతో గుణిస్తే నూట ఇరవై ఒకటిన్నర అణాలు. అంటే ఏడు రూపాయల తొమ్మిదిన్నర అణాలు. అర అణా ఆరు పైలు కాబట్టి పద్దు సరిపోయింది.

పుస్తకం ఇంకా పాతదైతే అంకెల పక్కన గీతలు కనిపిస్తాయి. తెలుగు లెక్కల్లో భిన్నాలు నాలుగేసి వంతులుగా దిగేవి. రూపాయిలో పావులకు నిలువు గీతలు, పావులో పావుకు, అంటే అణాకు, అడ్డగీతలు, అణాలో పావులకు మళ్లీ నిలువు గీతలు. ఆ లెక్కన మన పద్దు ౭౺౼౺ అవుతుంది: ఏడు రూపాయలు, రెండు పావులు, ఒక అణా, అర అణా. ఈ గుర్తులకు 2008లో యూనికోడ్‌లో చోటు దొరికింది. తెలియనివాళ్లు రెండు నిలువు గీతలను పదకొండు అని చదువుతారు. ఏడు రూపాయలు కాస్తా ఏడు వందల పదకొండైపోతుంది. పుట అడుగున షావుకారు వేసిన మొత్తంతో మన మొత్తాన్ని పోల్చినప్పుడు ఈ తప్పు వెంటనే బయటపడుతుంది. అందుకే ఫొటోలో పుట అడుగు తెగిపోకూడదు.

ఇంకో గడి సిక్కాకు కావాలి. ఆ రోజుల్లో హైదరాబాద్ హాలీ సిక్కా, భారత రూపాయి రెండూ చెలామణిలో ఉన్నాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు భారత రూపాయలకు సమానం. మన 7-9-6 హాలీ అయితే భారత రూపాయల్లో సుమారు 6.51. పుస్తకంలో ఏ సిక్కానో స్పష్టంగా లేకపోతే ఆ గడిని ఖాళీగా వదిలేయాలి. ఊహించి నింపితే ఆ తప్పును తర్వాత ఎవరూ పట్టుకోలేరు. 1957 ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు వచ్చాయి కాబట్టి తర్వాతి పుస్తకాల్లో 7-50 లాంటివి కనిపిస్తాయి. రూపాయి పక్కన పదిహేను దాటిన అంకె ఉంటే అది అణా కానే కాదు.

ప్రతి వరుస చివర ఫొటో పేరు, పుట సంఖ్య రాయండి. అనుమానం వచ్చిన పద్దును అసలు పుటలో చూసుకోవచ్చు. జమ, ఖర్చు కూడా ఒకే గడిలో కలపకండి. జమ ఏ పక్కన, ఖర్చు ఏ పక్కన రాశారో పుస్తకం మొదట్లోనే చూసుకుని పెట్టుకోవాలి.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో మీ ఇంటి అటక మీద ఇలాంటి చిట్టాలు ఉంటే చెదలు పట్టకముందే అట్టతో సహా ఫొటోలు తీయండి. పట్టిక పూర్తయిందని పుస్తకాన్ని పారేయకండి. ఎవరికైనా పంపేముందు మాత్రం బాకీదారుల పేర్ల చోట అంకెలు వేయండి. వాళ్ల మనవలు అదే ఊళ్లో ఉండవచ్చు.