మొసలి పద్యం

చలిమంట కాడికి జరుగుండ్రి రా పోరగాండ్లు. ఇప్పుడంటే మన లాల్‌గడి మలక్‌పేట్ చుట్టూ జీనోమ్ వ్యాలీ కంపెనీల లైట్లు తెల్లార్లు వెలుగుతున్నయి గని, నా చిన్నతనంల ఇటు శామీర్‌పేట చెరువు, అటు ద్రాక్షతోటలు, అంతే. గప్పుడు బడిల సారు వేమన పద్యమొకటి చెప్పిండు. నీళ్లల్ల ఉన్నంతసేపు మొసలి ఏనుగునన్న గుంజుకపోతదట, గట్టెక్కితే కుక్క ముందట గూడ అది ఆగమైతదట. గోడకుర్చీకి భయపడి బట్టీ పట్టిన. మొసలిని ఎన్నడన్న చూసినమా, ఏమన్ననా!

పెద్దగైనంక సుతారి పని పట్టిన. నేను లేపిన గోడకు గుండు ఇడిస్తే ఎంట్రుకవాసి తేడా దొరకకపోయేది. ఊళ్లె ఇల్లు కట్టేటోళ్లు నన్ను అడిగే ముగ్గు పోసుకుందురు. గదే ధీమాతోని బొంబాయి మీదికెల్లి సౌదీ పోయిన.

దిగంగనే కఫీల్ పాస్‌పోర్టు గుంజుకొని బీరువల పెట్టిండు. కఫీల్ అంటే మనల్ని వీసా మీద పిలిపిచ్చుకున్న యజమాని. ఏజెంటు మేస్త్రి పని అన్నడు గని, వీసా మీద ఉన్నది ఉత్త కూలి. ఇసుక మోసుడు నా వంతైంది. జీతం నెలల తరబడి ఆగింది. ఇడిసిపెట్టి ఇంకోకాడ చేసుకుందామంటే, ఉంటానికి కావాల్సిన ఇఖామా కాయితం ఆయన పేరు మీదనే ఉండె. చెప్పకుంట గేటు దాటితే 'హురూబ్' రాస్తుండె, అంటే పని ఇడిసి పారిపోయిండని ఫిర్యాదు. అటెన్క పోలీసోళ్లకు దొరికితే తర్హీల్‌ల, గదే దేశంకెల్లి ఎల్లగొట్టే జైలుల, ఏస్తుండిరి. ఇంటికి పోదామన్నా అప్పట్ల ఆయన ఒప్పుకుంటేనే దేశం దాటనిచ్చేది.

మా మీద ఒక మిస్రీ ఫోర్‌మన్ ఉండె. పొద్దుగాల లేస్తే మాకు తిట్లే. ఒక్కనాడు కఫీల్ కారు దిగి, అందరి ముందట ఆయన్ను గట్లనే తిట్టిండు. గా మనిషి తల ఒంచుకొని నిలవడ్డడు. ఆయన పాస్‌పోర్టు గూడ గా బీరువలనే ఉండె!

గప్పుడు, సిమెంటు బస్త మీద కూసున్న నాకు, సారు చెప్పిన పద్యం సమజైంది. అన్నేండ్లు అది మొసలి ముచ్చటే అనుకున్న. కాదురా, నీళ్ల ముచ్చట. మా మీద ఎగిరిన ఫోర్‌మన్‌ది సొంత బలం కాదు, ఊళ్లె నాకున్నదీ సొంత బలం కాదు. అక్కడ నీళ్లంటే కాయితం. అది ఎవని చేతుల ఉంటే వాడే మొసలి.

2021ల సౌదీ కాయిదా మార్చింది, కంపెనీ కార్మికులు ఇప్పుడు కఫీల్‌ను అడగకుంటనే దేశం దాటొచ్చు. ఇండ్లల్ల పనిచేసేటోళ్లకు, ఇండ్ల డ్రైవర్లకు మాత్రం అది వర్తించలే. మీల ఎవలన్న పోతే, వీసా మీద ఏ పని రాసుందో, ఎంత జీతమో చదివిచ్చుకొని, దాని జిరాక్సు ఇంట్ల పెట్టి పోండ్రి.