ఫ్రెంచి ప్రశ్నార్థక సర్వనామాలు: మనుషులు, వస్తువులు, పరోక్ష ప్రశ్నలు

ఫ్రెంచి ప్రశ్నార్థక సర్వనామాలను పట్టికగా కంఠస్థం చేసిన తెలుగు విద్యార్థి కూడా వాక్యం కట్టేటప్పుడు కొన్ని నిర్దిష్ట స్థానాల్లోనే తడబడతాడు. రెండు భాషలూ కర్త, కర్మల భేదాన్ని వేర్వేరు చోట్ల చూపడమే దీనికి ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఫ్రెంచి రూపాలను ఇక్కడ ఉచ్చారణకు దగ్గరగా తెలుగు లిపిలో ఇస్తున్నాను.

1. భేదం ఎక్కడ కనిపిస్తుంది?

తెలుగులో మనుషుల విషయంలో కర్తకు ‘ఎవరు’, కర్మకు ‘ఎవరిని’ వాడతాం. వస్తువుల దగ్గరకు వచ్చేసరికి ‘ఏం పడింది?’, ‘ఏం చూశావు?’ అంటాం. మొదటిది కర్త, రెండోది కర్మ అయినా మాట మారదు. ఫ్రెంచి దీనికి తలకిందులు. మనిషి కర్త అయినా కర్మ అయినా ‘కి’ ఒక్కటే సరిపోతుంది. వస్తువు కర్త అయితే ‘కెస్కి’, కర్మ అయితే ‘కెస్క’ రావాలి. ‘ఏం పడింది?’ అనడానికి ‘కెస్కి ఎ తోంబే?’, ‘ఏం చూశావు?’ అనడానికి ‘కెస్క త్యు ఆ వ్యు?’ అంటారు. కర్మకు ‘క’ అనే పొట్టి రూపం కూడా ఉంది కానీ, వస్తువు కర్త అయినప్పుడు అలాంటి పొట్టి రూపం లేదు.

పొడుగు రూపాల్లో మొదటి ముక్క మనిషా వస్తువా అన్నది చెబుతుంది, చివరి ముక్క కర్తా కర్మా అన్నది చెబుతుంది. ‘కియెస్క’లో ముందున్న ‘కి’ మనిషిని, చివరి ‘క’ కర్మను సూచిస్తాయి. అయితే అచ్చు ముందు ‘క’లోని అచ్చు లోపిస్తుంది. అందుకే ‘అతను ఏం చూశాడు?’ అన్న ప్రశ్న ‘కెస్కిల్ ఆ వ్యు?’ అని వినబడి, అందులో ‘కి’ ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. దాని వెంటనే ‘ఇల్’ అనే కర్త ఉంది కాబట్టి అది ‘క’యే. క్రియకు వేరే కర్త ఉందో లేదో చూసుకుంటే సందేహం తీరుతుంది.

ఇంకో చిక్కు వచనానిది. ‘ఎవరు వచ్చారు?’ అని బహువచన క్రియ వాడే అలవాటు మనది. ఫ్రెంచిలో కర్తగా వచ్చిన ‘కి’ తర్వాత, వచ్చినవాళ్లు పదిమంది అయినా, క్రియ ఏకవచనంలోనే ఉంటుంది.

2. పరోక్ష ప్రశ్న

తెలుగులో ప్రశ్నపదం అలాగే ఉండి, క్రియ చివర ‘ఓ’ చేరుతుంది: ‘ఏం పడిందో తెలియదు’. ఆ అలవాటు ప్రకారం విద్యార్థి ‘కెస్కి’ని కదపకుండా ‘జ న సే పా’ (నాకు తెలియదు) తర్వాత పెట్టేస్తాడు. ప్రామాణిక రచనలో అది తప్పు. ‘కెస్కి’ ‘సకి’గా, ‘కెస్క’ ‘సక’గా మారాలి: ‘జ న సే పా సకి ఎ తోంబే’, ‘జ న సే పా సక త్యు ఆ వ్యు’. మనుషులకు పొట్టి ‘కి’ ఉంటే చాలు. ప్రిపొజిషన్ తర్వాత వస్తువుకు వచ్చే ‘క్వా’ కూడా మారదు. ‘దేని గురించి మాట్లాడుతున్నావు?’ అన్నది ‘ద క్వా పార్ల్ త్యు?’. పరోక్షంలో కర్త క్రియకు ముందుకు వచ్చి ‘ద క్వా త్యు పార్ల్’ అవుతుంది. అంటే కొత్త రూపం కావలసింది రెండు చోట్లే: ప్రిపొజిషన్ లేకుండా కర్తగానో కర్మగానో ఉన్న వస్తువుకు. క్రియ అసమాపక రూపంలో ఉంటే మాత్రం ‘సక’ రాదు. ‘ఏం చేయాలో తెలియదు’ అన్నది ‘జ న సే పా క్వా ఫేర్’.

3. లకెల్: ఎంపిక ప్రశ్న

తెలిసిన కొన్నింటిలోంచి ఎంచుకోమన్నప్పుడు ‘లకెల్’ వస్తుంది. మనం ఇక్కడ కూడా ‘వీటిలో ఏది’, ‘వీళ్లలో ఎవరు’ అని వేరు చేస్తాం. లకెల్ ఆ తేడా పట్టించుకోదు, దానికి కావలసింది లింగవచనాలు. చొక్కాలు ఎదురుగా ఉన్నాయనుకుందాం. ‘షమీజ్’ స్త్రీలింగం కాబట్టి ఒక్కదాన్ని ఎంచుకోమంటే ‘లాకెల్ ద సే షమీజ్’ అనాలి, కొన్నింటిని ఎంచుకోమంటే ‘లేకెల్’ అనాలి. లింగం ఆ గుంపు పేరు నుంచి వస్తుంది, వచనం ఆశించే జవాబు నుంచి వస్తుంది. ఎదుట చొక్కాలు ఎన్ని ఉన్నాయన్నది వచనాన్ని నిర్ణయించదు.

‘ఆ’, ‘ద’ అనే ప్రిపొజిషన్లు పుంలింగ ఏకవచనంతో కలిసి ‘ఓకెల్’, ‘ద్యుకెల్’ అవుతాయి. రెండు లింగాల బహువచనాలతోనూ ఇలాగే కలుస్తాయి. స్త్రీలింగ ఏకవచనంతో మాత్రం కలవవు: ‘ఆ లాకెల్’, ‘ద లాకెల్’. బహువచనంలో పుంలింగ, స్త్రీలింగ రూపాలు రెండూ ‘లేకెల్’ అనే వినబడతాయి కాబట్టి చెవి మీద ఆధారపడి రాసేవారి తప్పు రాతలోనే బయటపడుతుంది. పరోక్ష ప్రశ్నలో లకెల్ రూపం మారదు. ‘ఏది ఎంచుకోవాలో తెలియదు’ అన్నది, చొక్కా గురించే అయితే, ‘జ న సే పా లాకెల్ ష్వాజీర్’.

4. నిర్ధారణ

కాబట్టి రూపాన్ని ఎంచుకోవడానికి ఒక క్రమం ఉంది. తెలిసిన గుంపులోంచి ఎంపికా అన్నది మొదట చూడాలి. అవునంటే లకెల్, లింగవచనాలు సరిచూస్తే చాలు. కాకపోతే మనిషా వస్తువా అని చూడాలి. మనిషైతే ‘కి’ అన్ని స్థానాల్లోనూ చెల్లుతుంది. వస్తువైతేనే కర్తా, కర్మా, ప్రిపొజిషన్ తర్వాత వచ్చిందా అన్న విచారణ అవసరం, ప్రత్యక్షమా పరోక్షమా అన్న ప్రశ్న కూడా దానికే వర్తిస్తుంది. అన్ని రూపాలకూ సమానంగా సమయం కేటాయించే బోధన కన్నా, తెలుగులో ‘ఏం’ అనే ఒక్క మాట కప్పేసిన ఈ కర్త-కర్మ భేదం మీద ఎక్కువ సాధన చేయించే బోధన తెలుగు విద్యార్థికి మేలు చేస్తుంది.