తాటాకు నుంచి సీసపు అక్షరానికి: తెలుగు అచ్చు తొలి అడుగులు

జర్మనీలోని మైంజ్ పట్టణంలో గుటెన్‌బర్గ్ విడి అక్షరాలు పేర్చి బైబిలు అచ్చు వేసింది 1455 ప్రాంతంలో. 1500 నాటికి యూరప్‌లో రెండు వందలకు పైగా ఊళ్లలో అచ్చుయంత్రాలు వెలిశాయి. తెలుగు అక్షరం అచ్చులో కనబడింది మాత్రం 1746 ప్రాంతంలో. ఆ తర్వాత కూడా తెలుగువాళ్లు తమ పుస్తకాలు తామే వేసుకునే రోజు రావడానికి సుమారు వందేళ్లు పట్టింది. ఈ ఆలస్యానికి కారణాలు వెతికితే, అచ్చు చదువును ఏ షరతుల మీద పంచుతుందో తెలుస్తుంది.

అంతకుముందు మన పుస్తకమంటే తాటాకుల కట్ట. ఆకుల్ని ఉడికించి, ఆరబెట్టి, సాపు చేసి, గంటంతో గీరి రాసి, గీతలు కనబడేలా మసి పూసేవారు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండేది కాదు. పద్యమైనా వచనమైనా ఆకు ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఏకధాటిగా సాగిపోయేది. సంధులతో అల్లుకుపోయే తెలుగులో, ఖాళీలు కూడా లేని ఆ వరుసను విడగొట్టుకుని చదవాలంటే పద్యం ముందే నోటికి వచ్చి ఉండాలి, లేదా పక్కన గురువు ఉండాలి. అక్షరాలు వచ్చినంత మాత్రాన పుస్తకం చదవగలడని కాదు. పైగా ఏ రెండు ప్రతులూ అచ్చంగా ఒకేలా ఉండేవి కావు. పురుగు తిన్నచోట ఒకరు ఊహించి పూరిస్తే, మరొకరు వదిలేసేవారు.

మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మతప్రచారకుడు తెలుగు నేర్చుకుని బైబిలును అనువదించాడు. అచ్చు వేయడానికి తెలుగు అక్షరాలు లేక అది రాతప్రతిగానే మిగిలింది. స్వదేశానికి తిరిగి వెళ్లాక హాలే నగరంలో తెలుగు అక్షరాలు పోత పోయించి, 1746, 47 సంవత్సరాల్లో కొన్ని చిన్న మతగ్రంథాలు వేయించాడు. చదవాల్సినవాళ్లు సముద్రానికి ఈవల, అచ్చు ఆవల. ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది.

అక్షరాలు పోయడం ఎందుకంత కష్టం? ఉక్కు కడ్డీ కొన మీద అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. దాన్ని రాగి ముక్క మీద గుద్దితే అచ్చుగుంట ఏర్పడుతుంది. అందులో కరిగించిన సీసం మిశ్రమం పోస్తే ఒక అక్షరం దిగుతుంది. ఇంగ్లీషుకు పెద్దబడి, చిన్నబడి అక్షరాలు, అంకెలు, గుర్తులు ఉంటే సరిపోతుంది. తెలుగులో ప్రతి హల్లుకూ తలమీద గుణింతం మారుతుంది, కిందో పక్కనో ఒత్తు చేరుతుంది. అన్నిటినీ జంటలుగా పోస్తే వందల ముక్కలు కావాలి. విడివిడిగా పోసి పేరుద్దామంటే పైకి, కిందికి పొడుచుకొచ్చిన కొసలు యంత్రం ఒత్తిడికి విరిగిపోతాయి. ‘ధ’ కింది గీత విరిగితే ‘ద’గా, ‘భ’ కింది గీత విరిగితే ‘బ’గా పడుతుంది. పాత పుస్తకాల చివర కనబడే తప్పొప్పుల పట్టికల్లో ఇలాంటివి తగులుతూనే ఉంటాయి.

కలకత్తా దగ్గరి శ్రీరాంపూర్ మిషన్ ముద్రాలయం ఈ పనిని పెద్ద ఎత్తున చేసింది. పంచానన కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్ అక్కడ అనేక భారతీయ లిపులకు అక్షరాలు చెక్కారు. 1812 మార్చిలో ముద్రాలయం తగలబడి పోతపోసిన అక్షరాలు కరిగిపోయాయి. ఉక్కు మూలాలు మాత్రం బూడిదలో చెక్కుచెదరకుండా దొరకడంతో, కరిగిన లోహాన్నే మళ్లీ పోసి పని సాగించారు. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో అక్కడే వచ్చింది. 1816లో మద్రాసులో కాంబెల్ వ్యాకరణం వెలువడింది. రెండూ ఇంగ్లీషులో రాసినవే. మొదటివాడికి మతప్రచారం, రెండోవాడికి కంపెనీ ఉద్యోగుల చదువు ముఖ్యం. తెలుగు అచ్చు పుట్టింది కానీ తెలుగు పాఠకుడి కోసం కాదు.

ఈ దశలో సి.పి. బ్రౌన్ చేసిన పని వేరు. ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు సేకరించి, కడపలో జీతమిచ్చి పెట్టుకున్న పండితుల చేత పోల్చి చూపించి, శుద్ధప్రతి రాయించేవాడు. ఆయన సంకలనం చేసిన వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. అచ్చులో తప్పు పడితే ప్రతి కాపీలోనూ అదే తప్పు ఉంటుంది. కాని ఎవరు చూసినా అదే పుటలో, అదే చోట ఉంటుంది కాబట్టి వేలెత్తి చూపవచ్చు, రెండో ముద్రణలో దిద్దవచ్చు. తాటాకుకు ఈ సౌకర్యం లేదు.

అసలు మలుపు 1835లో వచ్చింది. తాత్కాలిక గవర్నర్ జనరల్ మెట్‌కాఫ్ ముద్రణ మీద ఆంక్షలు ఎత్తివేయడంతో దేశీయులు ముద్రాలయాలు పెట్టుకునే దారి సుగమమైంది. చెన్నపట్నంలో తెలుగు ముద్రాలయాలు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు మొదలుపెట్టిన సంస్థ తరువాతి తరాల్లో వావిళ్ల ప్రెస్‌గా ఇంటింటా తెలిసిన పేరయింది. చిన్న ముద్రాలయం కూడా పెద్ద గ్రంథం వేయగలగడానికి విడి అక్షరాలే కారణం. ఎనిమిదో, పదహారో పుటలకు సరిపడా అక్షరాలు పేర్చి, ప్రూఫు దిద్ది, కావలసినన్ని కాపీలు కొట్టాక, కంపోజిటరు ఆ అక్షరాల్ని విడదీసి కేసులో ఎక్కడివక్కడ పడేస్తాడు. తర్వాతి ఫారానికి అవే పనికొస్తాయి. కావలసింది కుప్పల కొద్దీ సీసం కాదు, ఓపిక.

కొన్నది ఎవరు? పురాణాలు, శతకాలు, పంచాంగాలు ఇళ్లకు చేరాయి. అక్షరాస్యత దృష్టితో చూస్తే వాటికన్నా బలమైనది బాలశిక్ష. పుదూరి సీతారామశాస్త్రి కూర్చిన ఈ పుస్తకం తరువాత పెద్ద బాలశిక్షగా పెరిగింది. వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుకుని, అయ్యవారు చెప్పింది వల్లె వేసేవారు. బాలశిక్ష అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, చిన్న మాటలు, ఎక్కాలు, సంవత్సరాల పేర్లు అన్నిటినీ ఒక వరుసలో పెట్టి పిల్లవాడి చేతికిచ్చింది. మాటల మధ్య ఖాళీతో అచ్చయిన పుటను, అయ్యవారు ఇంటికి వెళ్లాక కూడా పిల్లవాడు తనంతట తాను కూడబలుక్కోవచ్చు.

ఆ చదివినవాడికి ఏం ఇవ్వాలన్నది తరువాతి ప్రశ్న. కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టాడు. తొలిరోజుల్లో అది చెన్నపట్నంలో అచ్చయ్యేది. కొద్దికాలానికే రాజమహేంద్రవరంలో సొంత ముద్రాలయం సమకూర్చుకున్నాడు. గ్రాంథికంగా మొదలైన పత్రిక భాష క్రమంగా తేలికైంది, కచేరీల్లో లంచగొండితనాన్ని ఎండగట్టింది. 1883లో ఆడవాళ్ల కోసం ‘సతీహితబోధిని’ వచ్చింది. కావ్యం చదవడానికి పండితుడు కావాలి, ఊళ్లో ఎవరు లంచం తింటున్నారో తెలుసుకోవడానికి బాలశిక్ష దాటినవాడు చాలు.

అయినా ఈ కథను అచ్చు సాధించిన విజయంగా చెప్పేస్తే నిజం కాదు. 1901 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద అక్షరాస్యులు వెయ్యికి 53 మంది. ఆడవాళ్లలో వందకు ఒక్కరు కూడా లేరు. వీధిబడి గడప తొక్కనివ్వని కులాలకు బాలశిక్ష ఎంత చవకగా దొరికినా ఒకటే. సీసపు అక్షరం పుస్తకాన్ని చవక చేసింది, పాఠాన్ని స్థిరపరచింది, గురువు లేకుండా చదివే వీలు కల్పించింది. బడిలో ఎవరిని కూర్చోబెట్టాలన్నది మాత్రం ముద్రాలయం తేల్చే విషయం కాదు, ఊరు తేల్చాలి. ఊరు ఆ మాట తేల్చడానికి అచ్చు వచ్చాక కూడా మరో వందేళ్లు తీసుకుంది.