బడి వయస్సు, పెండ్లి వయస్సు: ఆంధ్రదేశంలో బాలికల బడి మానివేతపై చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

బాలికలు చదువును మధ్యలో మానివేయడానికి బాల్యవివాహం, దారి భయం, ఇంటిపని కారణాలని పరిశోధన గ్రంథాలు తరచుగా పేర్కొంటాయి. ఈ మూడింటినీ విడివిడి కారణాలుగా చెప్పి వదిలివేయడం వల్ల వాటి మధ్యగల సంబంధం మరుగున పడుతుంది. బాలిక ఎంతకాలం బడిలో ఉండాలో చెప్పే చట్టం ఒకటి, ఏ వయస్సు వరకు ఆమెకు పెండ్లి చేయరాదో చెప్పే చట్టం మరొకటి. 1929 నుండి ఇప్పటివరకు ఈ రెండు వయస్సులూ కలిసిన సందర్భం దాదాపు లేదు. బడి ముగిసిన వయస్సుకూ, చట్టం పెండ్లికి అనుమతించే వయస్సుకూ మధ్య కొన్ని ఖాళీ సంవత్సరాలు మిగిలిపోయాయి. ఇంటిపని, దారి భయం, పెండ్లి సంబంధాల వెతుకులాట ఆ సంవత్సరాలలోనే చోటుచేసుకున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

శారదా చట్టానికి ముందు:

పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో ఈ ఖాళీ లేదు. అగ్రవర్ణ కుటుంబాలలో రజస్వలకు ముందే పెండ్లి చేయడం ఆచారం కావడంతో, బడిలో చేరే వయస్సూ పెండ్లి వయస్సూ ఒకదానిపై ఒకటి పడేవి. గురజాడ అప్పారావు 1897లో కన్యాశుల్కం నాటకాన్ని ప్రచురిస్తూ రాసిన ఆంగ్ల పీఠికలో, విజయనగరం మహారాజు తయారు చేయించిన పట్టికను ప్రస్తావించారు. విశాఖపట్టణం జిల్లాలో మూడేండ్ల కాలంలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన కన్యాశుల్క వివాహాలు అందులో 1034గా నమోదయ్యాయి. వధువులలో 99 మంది అయిదేండ్ల వారు. ఈ బాలికల విషయంలో చదువు మానడమనే ప్రశ్నే పుట్టదు, చదువు మొదలయ్యే లోపే వివాహం జరిగిపోయింది.

1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాలను స్థాపించినప్పుడు ఎదురైన స్థితి ఇదే. ఆనాటి మద్రాసు రాజధానిలోని బాలికల పాఠశాలలు కొన్ని, పిల్లలను ఇండ్ల నుండి బడికి తీసుకువచ్చి తిరిగి దిగబెట్టడానికి వయసు మళ్లిన స్త్రీలను జీతానికి నియమించుకొనేవి. బడి ఊళ్లోనే ఉన్నా వీధిలో నడిచి వెళ్లడమే అడ్డంకిగా ఉండేదని ఈ ఏర్పాటు తెలుపుతున్నది. దారి భయం దూరం వల్ల మాత్రమే పుట్టలేదనీ, బాలికను ఎవరు చూస్తారు, ఏమనుకొంటారు అన్న కుటుంబ గౌరవ భావనతో అది ముడిపడి ఉన్నదనీ దీనినిబట్టి గ్రహించవచ్చు.

1929: రెండు పత్రాలు, ఒక ఖాళీ:

1929వ సంవత్సరంలో రెండు ముఖ్యమైన పత్రాలు వెలువడ్డాయి. మొదటిది సర్ ఫిలిప్ హార్టాగ్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ నివేదిక. 1922-23లో ఒకటవ తరగతిలో ఉన్న ప్రతి నూరుమందిలో 1925-26 నాటికి నాలుగవ తరగతికి చేరినవారు 18 మంది మాత్రమేనని ఆ నివేదిక లెక్కగట్టింది. ఈ నష్టం బాలికల విషయంలో మరింత తీవ్రమని కూడా పేర్కొన్నది. రెండవది హరవిలాస్ శారదా ప్రతిపాదించిన బాల్యవివాహ నిరోధక చట్టం. అది బాలికల కనీస వివాహ వయస్సును 14 ఏండ్లుగా నిర్ణయించింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే సమస్య స్పష్టమవుతుంది. ప్రాథమిక విద్య పూర్తయ్యేసరికి బాలిక వయస్సు సుమారు పదేండ్లు. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం నిర్బంధ విద్యను ప్రవేశపెట్టే అవకాశాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చినా, ఆచరణలో ఆ నిర్బంధం ఎక్కువచోట్ల మగపిల్లలకే పరిమితమయింది. అందువల్ల పది నుండి పద్నాలుగేండ్ల వరకు బాలికకు పెండ్లి చేయరాదు, కాని ఆమె బడికి వెళ్లాలన్న నియమమూ లేదు. చట్టం మొదటిసారిగా ఒక ఖాళీని సృష్టించింది, దానిని దేనితో నింపాలో మాత్రం చెప్పలేదు.

చట్టం లోపలి బలహీనతలు ఆ ఖాళీని మరింత అస్థిరం చేశాయి. 1929లో ఆమోదం పొందిన చట్టం 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఈ నెలల వ్యవధిలో పిల్లల పెండ్లిళ్లు హడావిడిగా జరిగిన సంగతిని 1931 జనాభా లెక్కలు బయటపెట్టాయి. అమలులోకి వచ్చిన తరువాత కూడా, చట్టాన్ని మీరి చేసిన పెండ్లి చెల్లుబాటయ్యేది. ఏడాదిలోగా ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే న్యాయస్థానం విచారణకు స్వీకరించేది. ఫిర్యాదుదారు నూరు రూపాయల వరకు హామీ పత్రం సమర్పించవలసి వచ్చేది. ఊరిలో బంధువుల మీద, పొరుగువారి మీద ఇంతటి భారం మోసి ఫిర్యాదు చేసేవారు అరుదు.

యానాం దారి:

గోదావరి జిల్లాల వారికి మరొక వెసులుబాటు కూడా ఉండేది. కాకినాడకు దగ్గరలోని యానాం ఫ్రెంచి పాలనలో ఉండడంతో శారదా చట్టం అక్కడ వర్తించేది కాదు. పరిసర ప్రాంతాల కుటుంబాలు అక్కడికి వెళ్లి పిల్లల పెండ్లిళ్లు జరిపించుకొనేవి. ఆ కారణంగానే యానాంకు కల్యాణపురం అన్న పేరు వచ్చింది. నైజాం రాజ్యంలోని తెలంగాణ కూడా ఆ బ్రిటిషు చట్ట పరిధికి వెలుపలే ఉండేది.

యానాం ఉదాహరణ చరిత్రకారునికి ఒక ముఖ్యమైన ఆధారం. దూరప్రయాణం, బస, బంధువుల రాకపోకల ఖర్చు భరించి అక్కడికి వెళ్లినవారికి చట్టం తెలియదనడానికి వీలులేదు. చట్టం తెలిసినందువల్లనే వెళ్లారు. కాబట్టి బాల్యవివాహాన్ని అజ్ఞానానికి, పేదరికానికి మాత్రమే ఆపాదించే వివరణ ఇక్కడ నిలవదు. ఆ కుటుంబాల దృష్టిలో ఎదిగిన కుమార్తెను పెండ్లి కాకుండా ఇంట ఉంచుకోవడమే అసలైన ప్రమాదం. ఆ సంవత్సరాలను గౌరవప్రదంగా గడపగల బడి అందుబాటులో లేదు, ఉన్నా పంపడానికి సమాజం ఒప్పుకోలేదు.

తిరిగివచ్చే దారి:

ఇదే ప్రాంతంలో పెరిగిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం ఈ పరిస్థితికి మరోవైపును చూపుతుంది. 1909లో రాజమండ్రిలో జన్మించిన ఆమెకు ఎనిమిదవ ఏటనే పెండ్లి జరిగింది. తరువాతి కాలంలో ఆమె ఆ బంధం నుండి తప్పుకొన్నారు. చిన్న వయస్సులోనే కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడిపారు. బడిచదువు తెగిపోయిన ఆమె మెట్రిక్యులేషన్‌ను బెనారస్ పరీక్ష ద్వారా పూర్తి చేసి, అక్కడినుండి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్యకు, ఆపై న్యాయశాస్త్రానికి వెళ్లారు.

1937లో మద్రాసులో రూపుదిద్దుకొన్న ఆంధ్ర మహిళా సభ, చదువు ఆగిపోయిన స్త్రీలను ఇదే పరీక్షకు సిద్ధం చేసింది. 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ప్రారంభించిన సంక్షిప్త విద్యా కోర్సులలోనూ, అదే ఏడాది ఆమె అధ్యక్షతన ఏర్పడిన జాతీయ మహిళా విద్యా కమిటీలోనూ ఈ అనుభవం ప్రతిఫలించింది. అయితే ఈ మార్గం బడి మానివేతను ఆపలేదు. మానివేసినవారిలో కొందరికి తిరిగివచ్చే దారి చూపింది. ఆ కొందరికైనా ఇంటిపని నుండి విడుదల, వసతి, తగిన సంస్థ దొరకడం తప్పనిసరి అయింది.

పద్నాలుగు, పద్దెనిమిది:

స్వాతంత్ర్యానంతరం రెండు వయస్సులూ పెరిగాయి, వాటి మధ్య ఖాళీ మాత్రం చెరగలేదు. రాజ్యాంగం 45వ అధికరణంలో పద్నాలుగేండ్ల వరకు ఉచిత నిర్బంధ విద్యను లక్ష్యంగా పెట్టుకున్నది. 1978 సవరణ బాలికల వివాహ వయస్సును 18కి పెంచింది. 2009 విద్యాహక్కు చట్టం కూడా 6 నుండి 14 ఏండ్ల వారికే వర్తిస్తుంది. 1930లో పదికీ పద్నాలుగుకూ మధ్య ఉన్న నాలుగేండ్ల ఖాళీ, ఇప్పుడు పద్నాలుగుకూ పద్దెనిమిదికీ మధ్యకు జరిగింది.

ఈ సంవత్సరాలలో బాలిక చేసే ఇంటిపని ఏ లెక్కలోనూ కనిపించదు. వంట, నీరు మోయడం, తమ్ముళ్లను చూసుకోవడం జనాభా లెక్కల నిర్వచనంలో పని కాదు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ కూడా, బడి వేళల తరువాత కుటుంబానికి సాయపడడాన్ని అనుమతించింది. అందుచేత ఆమె బడి పిల్లల పట్టికలోనూ ఉండదు, కార్మికుల పట్టికలోనూ ఉండదు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్, బడిలో లేని ప్రతి పిల్లనూ బాలకార్మికురాలిగానే లెక్కించాలని వాదించడానికి కారణమిదే. 2004లో ప్రారంభమైన కస్తూర్బాగాంధీ బాలికా విద్యాలయాలు వసతి కల్పించి, దారి భయాన్నీ ఇంటిపనినీ ఒకేసారి తొలగించగలిగాయి. కాని తొలుత అవి 6 నుండి 8వ తరగతి వరకే ఉండడంతో, ఆ రక్షణ కూడా పద్నాలుగేండ్ల దగ్గరే ముగిసింది.

ఆధారాలను చదివే పద్ధతి:

క్షేత్రపరిశోధనలో పెండ్లిని కారణంగా నమోదు చేసే ముందు కాలక్రమాన్ని పరిశీలించడం అవసరం. ఊహాత్మకంగా ఒక ఉదాహరణ తీసుకుందాం. ఊరి బడి 8వ తరగతితో ముగుస్తుంది, ఉన్నత పాఠశాల అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఒక బాలిక పదమూడేండ్లకు 8వ తరగతి పూర్తి చేసి, 9వ తరగతిలో చేరలేదు. పదహారవ ఏట పెండ్లయింది. ఎవరిని అడిగినా పెండ్లి వల్ల చదువు ఆగిందంటారు. హాజరు పట్టీలోని చివరి తేదీని పెండ్లి తేదీతో పోల్చితే మూడేండ్ల తేడా కనిపిస్తుంది. ఆ మూడేండ్లలో ఆమె ఇంటిపనిలో ఉన్నది. దారి చదువును ఆపింది, ఇంటిపని ఆ స్థితిని స్థిరపరచింది, పెండ్లి చివరన వచ్చింది. తేడా కొన్ని వారాలే అయితే పెండ్లినే కారణమనవచ్చు. అలాగే ఏడాది మధ్యలో మానినవారినే లెక్కిస్తే, తరగతి పూర్తిచేసి పై తరగతిలో చేరని ఇటువంటి బాలికలు లెక్కకు అందరు.

ముగింపు:

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం, 20-24 ఏండ్ల స్త్రీలలో పద్దెనిమిదేండ్ల లోపే పెండ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. వయస్సు నిషేధం ఒక్కటే ఖాళీ సంవత్సరాలను నింపలేదని ఈ సంఖ్యలు తెలుపుతున్నాయి. తెలంగాణలో 2014లో మొదలైన కల్యాణలక్ష్మి పథకం వధువుకు పద్దెనిమిదేండ్లు నిండాలన్నది. చదువు విషయంలో షరతు పెట్టలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో అమలులోకి వచ్చిన కల్యాణమస్తు పథకం వధూవరులిద్దరూ పదవ తరగతి ఉత్తీర్ణులు కావాలన్న నియమం పెట్టి, బడినీ పెండ్లినీ ఒకే పత్రంలో కలిపింది. ఆ షరతు పదిహేనేండ్ల దగ్గర ఆగుతుంది, బడికి చేరని పేద కుటుంబాన్ని సాయానికి దూరం చేసే ప్రమాదమూ అందులో ఉన్నది. యానాంకు ప్రయాణం కట్టిన కుటుంబాల నుండి నేటివరకు ఉన్న చరిత్రను గమనిస్తే, ఖాళీ సంవత్సరాలలో నడచి వెళ్లదగిన దూరంలో బడి లేదా వసతి గృహం ఉన్నదా లేదా అన్న ప్రశ్నే మిగిలిన కారణాలకు తాళంచెవి అని నిర్ధారించవచ్చు.