కొండవాలు మీద గుండు ఎంత దూరం పడుతుంది?

ఎడ్మండ్ హేలీ అనగానే మనకు తోకచుక్క గుర్తొస్తుంది. ఆ తోకచుక్క లెక్కను ఆయన 1705లో అచ్చు వేయించాడు. అంతకు చాలా ముందే, 1686లో, లండన్ రాయల్ సొసైటీలో గుమస్తాగా చేరిన ఏడాదిలోనే, ఫిరంగుల గురించి ఒక వ్యాసం రాశాడు. న్యూటన్ ‘ప్రిన్సిపియా’ను అచ్చుకు ఎక్కించే పనిలో ఆయన తలమునకలుగా ఉన్న రోజులవి. 1695లో మళ్లీ అదే విషయానికి వచ్చాడు. ఈసారి ప్రశ్న సూటిగా ఉంది: లక్ష్యం మన మట్టంలో కాకుండా కొండ మీదో, లోయలోనో ఉంటే మోర్టారును ఎంత ఎత్తుకు తిప్పాలి?

సమతలం మీద అయితే జవాబు అప్పటికే పాతబడింది. 45 డిగ్రీల దగ్గర గుండు ఎక్కువ దూరం పోతుందని ఇటలీలో టార్టాగ్లియా 1537లోనే రాశాడు. గుండు దారి పరావలయమని గెలీలియో 1638లో చూపించాడు. ఆయన శిష్యుడు టోరిచెల్లీ 1644లో ఆ లెక్కను ఇంకా విస్తరించాడు. కానీ కోటలు కట్టేది ఎక్కువగా గుట్టల మీద. అక్కడ 45 డిగ్రీలను నమ్ముకుంటే మందు దండగ.

హేలీ ఇచ్చిన నియమం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. మీరున్న చోటి నుంచి లక్ష్యానికి ఒక గీత, నెత్తి మీదికి నిలువుగా ఇంకో గీత ఊహించుకోండి. ఆ రెంటి మధ్య కోణాన్ని సరిగ్గా సగం చేసే దిశలో గొట్టాన్ని పెట్టాలి. అలా పెడితే అతి తక్కువ మందుతో గుండు లక్ష్యాన్ని తాకుతుంది.

హేలీ దీన్ని రేఖాగణితంతో సాధించాడు. ఇంటర్ పిల్లలు నేర్చుకునే దారి వేరు, నా లెక్కన ఇదే తేలిక. కాగితాన్ని కొండవాలుకు సరిపడా తిప్పేస్తారు. x అక్షం వాలు వెంబడి, y అక్షం వాలుకు లంబంగా. నేల ఇప్పుడు చదునైపోయింది. దానికి బదులు గురుత్వాకర్షణ ఏటవాలుగా లాగుతున్నట్టు కనిపిస్తుంది. వాలు కోణం β అయితే, వాలు మీదికి నొక్కే భాగం g cos β, వాలు వెంట కిందికి లాగే భాగం g sin β. మామూలు లెక్కలో పక్కకు త్వరణమే ఉండదు, ఇక్కడ రెండు వైపులా ఉంటుంది. అంత మాత్రానికి భయపడక్కర్లేదు, రెండూ స్థిరాలే.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. వాలు 30 డిగ్రీలు, గుండు వేగం సెకనుకు 100 మీటర్లు, g విలువ 10 అనుకుందాం. గురి కొండ పైకి. లక్ష్యం 30 డిగ్రీల ఎత్తులో, నిలువు గీత 90లో ఉన్నాయి కాబట్టి వాటి నడిమి దిశ క్షితిజానికి 60 డిగ్రీలు. అంటే వాలు నుంచి కొలిస్తే 30 డిగ్రీలే. వాలుకు లంబంగా వేగం 50, వాలు వెంట 86.6. లంబ దిశలో g భాగం 8.66. గుండు వాలును వదిలి మళ్లీ వాలును తాకే దాకా పట్టే సమయం ఆ దిశ ఒక్కటే తేలుస్తుంది: రెండు యాభైలను 8.66తో భాగిస్తే 11.55 సెకన్లు. ఇక వాలు వెంట చూడండి. 86.6 వేగంతో 11.55 సెకన్లు పోతే 1000 మీటర్లు. ఈలోగా వాలు వెంట కిందికి లాగే త్వరణం 5, అది తినేసేది 333 మీటర్లు. మిగిలింది 667 మీటర్లు.

ఇప్పుడు కొండ పైనుంచి అదే వాలు కిందికి వేద్దాం. లక్ష్యం క్షితిజానికి 30 డిగ్రీలు దిగువన ఉంది. నడిమి దిశ క్షితిజానికి 30 డిగ్రీలు పైకి, వాలు నుంచి కొలిస్తే 60. లంబ వేగం 86.6, సమయం 20 సెకన్లు. వాలు వెంట వేగం 50, కాబట్టి 20 సెకన్లలో మళ్లీ 1000 మీటర్లే. వాలు లాగుడు ఈసారి మనవైపు ఉంది, అది కలిపేది ఇంకో 1000. మొత్తం 2000 మీటర్లు. పైకి వేసిన దానికి సరిగ్గా మూడు రెట్లు.

రెండుసార్లూ 1000 రావడం కాకతాళీయం కాదు. చదును నేల మీద 45 డిగ్రీలతో వేసినా దూరం అంతే, వేగం వర్గాన్ని gతో భాగించిన విలువ. హేలీ కోణంలో వేస్తే, వాలు ఎంతైనా, తొలి వేగం వల్ల వాలు వెంట వచ్చే దూరం ఎప్పుడూ ఇదే. మిగతాదంతా వాలు తీసుకునేదో ఇచ్చేదో. మొత్తం లెక్కలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. మామూలు అక్షాలతో చేస్తే ఇది కంటికి కనిపించదు, అక్షాలు తిప్పాకే బయటపడుతుంది.

పొరపాట్లు జరిగే చోట్లు రెండున్నాయి. మొదటిది కోణం. ప్రశ్నలో ఇచ్చిన కోణం క్షితిజం నుంచా, వాలు నుంచా అన్నది చూసుకోకుండా లెక్క మొదలుపెడితే ముప్పైకీ అరవైకీ తికమక తప్పదు. అనుమానం వస్తే గొట్టాన్ని నిట్టనిలువుగా పెట్టి సూత్రంలో వేసి చూడాలి: గుండు ఉన్నచోటే పడాలి, దూరం సున్నా రావాలి. రాకపోతే కోణం తప్పు పట్టుకున్నట్టే. రెండోది సగం సంగతి. గుండు వాలుకు బాగా ఎడంగా ఉండేది ప్రయాణ సమయంలో సరిగ్గా సగం గడిచినప్పుడు, అది నిజం. కానీ దూరంలో సగం దగ్గర కాదు. మన మొదటి ఉదాహరణలో తొలి సగం సమయంలో గుండు వాలు వెంట 417 మీటర్లు పోతుంది, మలి సగంలో 250 మాత్రమే.

అలవాటుగా 45 డిగ్రీలు పెట్టేసే గోలందాజు సంగతేమిటి? ఇదే 30 డిగ్రీల వాలు మీద పైకి అతని గుండు 488 మీటర్ల దగ్గరే పడుతుంది. 75 డిగ్రీలకు తిప్పినా అదే 488. కానీ ఆ 75 దగ్గర ఇంకో రెండు డిగ్రీలు ఎక్కువైతే గుండు దాదాపు 50 మీటర్లు ముందే రాలిపోతుంది. 60 దగ్గర రెండు డిగ్రీలు తప్పినా తేడా మూడు మీటర్లే. చేతి పనివాళ్లు తిప్పే గొట్టానికి ఈ ఓర్పు చిన్న విషయం కాదు.

ఇంకో వెసులుబాటు, ఈ కోణం కుదర్చడానికి డిగ్రీలు కొలవక్కర్లేదు. గొట్టం మూతి మీద, గొట్టానికి అడ్డంగా ఒక అద్దం పెట్టి, బరువు కట్టిన దారం వెంబడి నిలువుగా పైనుంచి అందులోకి చూడాలి. లక్ష్యం ప్రతిబింబం కనిపించేదాకా గొట్టాన్ని తిప్పితే చాలు. అద్దంలో పడే కిరణం, తిరిగొచ్చే కిరణం మధ్య కోణాన్ని అద్దపు లంబం సగం చేస్తుంది కదా, ఆ లంబమే గొట్టం దిశ. ఇదంతా మందు కూరకముందే చూసుకోవాలనుకోండి.

ఈ లెక్కంతా గాలి లేనట్టు చేసింది. ఆ లోటు ఎంతో 1742లో బెంజమిన్ రాబిన్స్ బయటపెట్టాడు. గుండు వేగాన్ని కొలవడానికి ఆయన బరువైన లోలకాన్ని వాడాడు. సెకనుకు 1650 అడుగుల వేగంతో బయల్దేరే 24 పౌండ్ల గుండు పరావలయం ప్రకారం 16 మైళ్లు పోవాలి. నిజంలో అది మూడు మైళ్లు కూడా దాటదని ఆయన రాశాడు. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు ఎంతో వేగంగా పెరుగుతుంది. అందుకే బారు ఫిరంగులకు హేలీ నియమం ఏమాత్రం పనికిరాలేదు. మోర్టారు గుండు మాత్రం బరువైనది, నిదానంగా పోయేది. మన ఉదాహరణలోని సెకనుకు 100 మీటర్ల వేగం 330 అడుగులే, రాబిన్స్ గుండు వేగంలో అయిదో వంతు. అంత వేగంలో గుండు పరావలయం నుంచి కొద్దిగానే పక్కకు పోతుంది. హేలీ కూడా తన 1695 వ్యాసాన్ని రాసింది మోర్టార్ల కోసమే.