ఆర్‌బీఐ బాండ్లు: 8.05 శాతం వడ్డీ.. కానీ ఏడేళ్లు లాక్! డబ్బు పెట్టే ముందు ఇవి చూసుకోండి

2025లో బ్యాంకు ఎఫ్‌డీ రేట్లు తగ్గడంతో చాలామంది చూపు ఆర్‌బీఐ ఫ్లోటింగ్ రేట్ సేవింగ్స్ బాండ్ల మీద పడింది. 2025 జూలై 1 నుంచి డిసెంబర్ 31 వరకు వీటి వడ్డీ రేటు 8.05 శాతంగా ఉండేది. ప్రభుత్వ గ్యారంటీ ఉంది, గరిష్ఠ పరిమితి లేదు, వెయ్యి రూపాయల నుంచే కొనొచ్చు. అయితే 8.05 శాతం అన్న ఒక్క అంకె చూసి రిటైర్మెంట్ డబ్బంతా ఇందులో పెట్టేస్తే తర్వాత ఇబ్బంది పడొచ్చు. ఎందుకో చూద్దాం.

వడ్డీ ఏడేళ్లూ ఇంతే ఉంటుందా?

ఉండదు. 2020 జూన్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఈ బాండ్ల రేటు పోస్టాఫీసు నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్ (ఎన్‌ఎస్‌సీ) రేటుతో ముడిపడి ఉంటుంది. ఎన్‌ఎస్‌సీ రేటుకు 0.35 శాతం కలిపితే వచ్చేదే బాండ్ రేటు. 2025 జూలై-డిసెంబర్‌లో ఎన్‌ఎస్‌సీ 7.7 శాతం కాబట్టి బాండ్‌కు 8.05 వచ్చింది.

ఏటా జనవరి 1న, జూలై 1న ఈ రేటును మళ్లీ లెక్కగడతారు. కొత్త రేటు పాత బాండ్లకూ వర్తిస్తుంది. 2020 జూలైలో కొన్నవాళ్లకు మొదట వచ్చింది 7.15 శాతమే. 2023 జనవరిలో 7.35కి, అదే ఏడాది జూలైలో 8.05కి పెరిగింది. అప్పుడు పెరిగినట్టే, ఎన్‌ఎస్‌సీ రేటును తగ్గిస్తే ఇదీ తగ్గుతుంది.

మధ్యలో డబ్బు కావాలంటే?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బాండ్ కాలపరిమితి ఏడేళ్లు. 60 ఏళ్లలోపు వాళ్లకు ముందే తీసుకునే అవకాశం లేదు. సీనియర్ సిటిజన్లకు మాత్రం కొంత సడలింపు ఉంది. 60-70 ఏళ్ల వాళ్లు ఆరేళ్ల తర్వాత, 70-80 ఏళ్ల వాళ్లు ఐదేళ్ల తర్వాత, 80 దాటినవాళ్లు నాలుగేళ్ల తర్వాత బాండ్ సరెండర్ చేయొచ్చు.

ఉదాహరణకు 62 ఏళ్ల రిటైర్డ్ ఉద్యోగి 2025 జూలై 1న రూ.10 లక్షలు పెట్టారనుకుందాం. ఆయనకు ఆరు నెలలకోసారి రూ.40,250 నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. రెండేళ్లకే ఇంట్లో ఎవరికో ఆపరేషన్ అవసరమైందనుకోండి. ఈ డబ్బు తీయలేరు. ఎఫ్‌డీ మీద తీసుకున్నట్టు దీన్ని తాకట్టు పెట్టి లోన్ తీసుకోవడమూ కుదరదు. మార్కెట్లో అమ్ముకోవడానికీ వీల్లేదు.

2031 జూలై తర్వాత సరెండర్ చేసినా డబ్బు అదే రోజు రాదు. ఆ తర్వాత వచ్చే జనవరి 1న లేదా జూలై 1న ఇస్తారు. పైగా చివరి ఆరు నెలల వడ్డీలో సగం కోత పడుతుంది. అప్పటికీ రేటు 8.05 శాతమే ఉంటే ఆ కోత రూ.20,125.

ట్యాక్స్ పోగా చేతికి ఎంత?

ఈ వడ్డీకి పన్ను మినహాయింపు లేదు. మీ మిగతా ఆదాయంతో కలిపి, మీ స్లాబ్ ప్రకారం పన్ను కట్టాలి. ఏడాదికి వడ్డీ రూ.10 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ కట్ అవుతుంది. అంటే పై ఉదాహరణలో ప్రతి ఆరు నెలలకు రూ.4,025 కోసుకుని రూ.36,225 ఇస్తారు.

మొత్తం ఆదాయం మీద కట్టాల్సిన పన్ను సున్నా అయితే ఆ 62 ఏళ్ల ఉద్యోగి ముందుగానే డిక్లరేషన్ ఫారం ఇస్తే టీడీఎస్ ఆగుతుంది. 60 ఏళ్లలోపు వాళ్లూ అర్హులైతే డిక్లరేషన్ ఇవ్వొచ్చు.

30 శాతం స్లాబ్‌లో ఉన్నవాళ్ల లెక్క వేరు. ఏడాది వడ్డీ రూ.80,500పై సెస్‌తో కలిపి పన్ను రూ.25,116 అవుతుంది. చేతికి మిగిలేది రూ.55,384. అంటే వాళ్లకు అసలు రాబడి దాదాపు 5.54 శాతమే. టీడీఎస్ ఎలాగూ కట్ అయింది కదా అని ఊరుకుంటే కుదరదు, మిగతా పన్ను కూడా కట్టాల్సిందే.

ఎవరికి సరిపోతుంది?

పన్ను పడని లేదా తక్కువ స్లాబ్‌లో ఉండి, ఆరు నెలలకోసారి ఆదాయం కావాలనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది. ఆస్పత్రి ఖర్చులకు, పిల్లల పెళ్లిళ్లకు దాచుకున్న డబ్బు మాత్రం ఇందులో పెట్టకపోవడమే మేలు. ఎన్ఆర్ఐలు ఈ బాండ్లు కొనడానికి వీల్లేదు. ఎస్‌బీఐ సహా ప్రభుత్వ బ్యాంకుల్లో, ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ పోర్టల్‌లో వీటిని కొనొచ్చు. అప్లికేషన్ పెట్టేటప్పుడే నామినీ పేరు రాయించడం మర్చిపోవద్దు.